ఫోన్‌లో ఫాస్ట్, పీసీలో నత్తనడక: ఇంట్లో నాస్‌కి జంబో ఫ్రేమ్స్ పెట్టే ముందు ఇది వినండి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో నాస్ పెట్టుకున్న వాళ్లు, అంటే ఫొటోలు, వీడియోలు అన్నీ ఒకే చోట దాచుకోడానికి నెట్‌వర్క్‌లో ఒక స్టోరేజ్ బాక్స్ పెట్టుకున్న వాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినే ఉంటారు: "జంబో ఫ్రేమ్స్ ఆన్ చెయ్, స్పీడ్ పెరుగుతుంది." నేనూ విన్నాను. ఆన్ చేశాను. నా ఇంట్లో కాదు, మా పిన్ని కొడుకు ఇంట్లో. అదే తర్వాత వాడి మెడకి చుట్టుకుంది.

మా తమ్ముడు విజయవాడలో పెళ్లిళ్లకి ఫొటోలు, వీడియోలు తీస్తాడు. వాడికి ఒక పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి, రెండు 4 టీబీ హార్డ్ డిస్కులు పెట్టి నాస్ తయారు చేసిచ్చాను. హాల్లో ఒక స్విచ్, దానికి నాస్, వైఫై రౌటర్, వాడి ఎడిటింగ్ పీసీ. సంక్రాంతికి వెళ్లినప్పుడు పీసీలోనూ నాస్‌లోనూ జంబో ఫ్రేమ్స్ ఆన్ చేసి, ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూశాం. బాగానే వెళ్లింది. టీ తాగి వచ్చేశాను.

శ్రావణ మాసంలో ఒక రోజు రాత్రి పదిన్నరకి ఫోన్. "అన్నా, నాస్ హార్డ్ డిస్క్ పోయినట్టుంది. పీసీ నుంచి కాపీ పెడితే కదలట్లేదు. పొద్దున ఏలూరులో పెళ్లి. కార్డులు ఖాళీ చేయాలి, పీసీలో జాగా లేదు."

పరిస్థితి ఇదీ. పీసీలో 120 జీబీ పాత పెళ్లి వీడియో ఉంది. అది నాస్‌కి వెళ్తేనే పీసీలో చోటు వస్తుంది. చోటు వస్తేనే కార్డుల్లో ఉన్న మొన్నటి పెళ్లిని దించుకోగలడు. అది దిగితేనే కార్డులు ఫార్మాట్ చేసి ఏలూరు పట్టుకెళ్లగలడు. మొదటిది ఆగితే అన్నీ ఆగినట్టే.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఫోన్‌లోంచి నాస్ ఓపెన్ అవుతోందా?" అని. వాడు చూసి, "అన్నా, ఫోన్‌లో వీడియోలు కూడా ప్లే అవుతున్నాయి" అన్నాడు. పీసీలో ఇంటర్నెట్? అదీ బాగుంది. పీసీలో నాస్ ఫోల్డర్? రెండు మూడు ఫైళ్లున్న ఫోల్డర్ వెంటనే తెరుచుకుంటోంది, ఆరేడు వందల ఫొటోలున్న ఫోల్డర్ మాత్రం తిరుగుతూనే ఉంది. కాపీ పెడితే చాలాసేపు సున్నా, తర్వాత కొంచెం కదలడం, మళ్లీ ఆగడం.

ఈ లక్షణాలు గుర్తుపెట్టుకోండి. చిన్నవి వెళ్తాయి, పెద్దవి ఇరుక్కుంటాయి. ఫోన్ బాగుంటుంది, పీసీ బాగోదు. డిస్క్ పోతే ఫోన్‌లో కూడా వీడియో ఆడకూడదు కదా. ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే అసలు జంబో ఫ్రేమ్ అంటే ఏంటో చూడాలి.

నెట్‌వర్క్ కేబుల్‌లో మీ ఫైల్ ఒకే ముద్దగా వెళ్లదు. ముక్కలుగా వెళ్తుంది. ఒక్కో ముక్కని ఒక లారీ అనుకోండి. ఆ లారీలో గరిష్ఠంగా ఎంత సరుకు ఎక్కించొచ్చో చెప్పే అంకె ఎంటీయూ. మామూలుగా అది 1500 బైట్లు. జంబో ఫ్రేమ్ అంటే ఆ లిమిట్‌ని పెంచడం, ఎక్కువ మంది పెట్టేది 9000. అంటే ఆరు చిన్న లారీల సరుకు ఒక పెద్ద లారీలో.

ప్రతి లారీకీ కొంత దండగ ఖర్చు ఉంటుంది. అడ్రస్ చీటీ, తప్పులు పట్టే చెక్, లారీకీ లారీకీ మధ్య ఖాళీ. ఇవన్నీ కలిపి 1500 బైట్ల లారీ రోడ్డు మీద 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. లోపల ఇంకొన్ని చీటీలు పోను మీ ఫైల్‌కి దక్కేది సుమారు 1448 బైట్లు. అంటే 94 శాతం. 9000 పెడితే రోడ్డు మీద 9038, అందులో మీ ఫైల్ 8948. అంటే 99 శాతం.

లాభం ఎంత? ఐదు శాతం. అంతే. 1 గిగాబిట్ లైన్‌లో సెకనుకి 118 ఎంబీ వెళ్లేది 124 అవుతుంది. తమ్ముడి 120 జీబీ లెక్క వేస్తే, 17 నిమిషాల పని 16 నిమిషాల చిల్లర అవుతుంది. నిమిషం కూడా కలిసిరాదు. దాని కోసం నేను వాడి ఇంట్లో ఈ బాంబు పెట్టి వచ్చాను.

సరే, మరి తప్పు ఎక్కడ జరిగింది? "ఈ మధ్య ఇంట్లో ఏమైనా మార్చావా?" అని అడిగితే ఏం లేదన్నాడు. కాసేపయ్యాక గుర్తొచ్చింది. పది రోజుల కింద ఎడిటింగ్ పీసీని లోపలి గదిలోకి మార్చాడు. అక్కడ ప్రింటర్‌కి కూడా కేబుల్ కావాల్సొచ్చి, అటక మీదున్న పాత ఐదు పోర్టుల స్విచ్ తీసి మధ్యలో తగిలించాడు. ఇంటర్నెట్ వచ్చింది, ప్రింటర్ పనిచేసింది, ఇక వదిలేశాడు. పెద్ద ఫైల్ నాస్‌కి పంపడం ఆ రోజే మొదటిసారి.

ఆ పాత స్విచ్‌కి జంబో ఫ్రేమ్స్ తెలియవు. రైల్వే అండర్ బ్రిడ్జి ఊహించుకోండి. కింద నుంచి బైకులు, ఆటోలు, చిన్న లారీలు హాయిగా వెళ్లిపోతాయి. పెద్ద లారీ వస్తే పట్టదు. మామూలుగా ముందే ఎత్తు రాసిన బోర్డు ఉంటుంది, డ్రైవర్ చూసి వెనక్కి తిరుగుతాడు. ఇంటర్నెట్ దారిలో ఉండే రౌటర్ అలాంటి బోర్డు పెట్టగలదు. "ఈ ప్యాకెట్ పెద్దది, చిన్నది పంపు" అని పంపినవాడికి కబురు చేస్తుంది. ఇంట్లో స్విచ్‌కి ఆ పని లేదు. తన సైజు దాటిన ఫ్రేమ్ వస్తే చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. స్విచ్ మీద లైట్లు కూడా ఎప్పటిలాగే వెలుగుతుంటాయి.

పంపిన పీసీకి ఏం తెలుస్తుంది? జవాబు రాలేదని మాత్రమే తెలుస్తుంది. కాబట్టి కాస్త ఆగి మళ్లీ పంపుతుంది. మళ్లీ పోతుంది. ఈసారి రెట్టింపు సేపు ఆగుతుంది. లైనక్స్ నాస్ వైపు చూస్తే ఈ ఆగడం లోకల్ నెట్‌వర్క్‌లో దాదాపు 0.2 సెకన్లతో మొదలై 0.4, 0.8, 1.6 అలా పెరుగుతూ పోతుంది. చిన్న ముక్కలు మాత్రం దాటిపోతూనే ఉంటాయి. కొన్ని సిస్టమ్‌లు నాలుగైదు సార్లు దెబ్బతిన్నాక "సైజు ఎక్కువైందేమో" అని అనుమానించి చిన్న ముక్కలకి దిగుతాయి. అందుకే కాపీ పూర్తిగా చచ్చిపోకుండా కదులుతూ ఆగుతూ ఉంటుంది. పూర్తిగా ఆగిపోయినా నయమే, వెంటనే కేబుల్ చూస్తాం. ఇలా నత్తనడక నడిస్తే డిస్క్ మీద అనుమానపడతాం. తమ్ముడు అప్పటికే కొత్త డిస్క్ రేటు చూస్తున్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మరి ఫోన్ ఎందుకు బాగుంది? పీసీలో ఇంటర్నెట్ ఎందుకు బాగుంది?

రెండు డివైజులు కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు ఒకదానికొకటి తన సైజు చెప్పుకుంటాయి. ఫోన్ వైఫైలో 1500 మీదే ఉంటుంది కాబట్టి, "నాకు 1460కి మించి సరుకు పంపకు" అంటుంది. 1500లో రెండు చీటీలకి 40 బైట్లు తీసేస్తే 1460. నాస్ మాత్రం "నేను 8960 దాకా తీసుకుంటా" అంటుంది. ఇద్దరిలో తక్కువ చెప్పినవాడి మాటే చెల్లుతుంది. కాబట్టి ఫోన్, నాస్ మధ్య అన్నీ చిన్న లారీలే. బయట వెబ్‌సైట్లు కూడా 1500 లోపలే మాట్లాడతాయి కాబట్టి పీసీలో ఇంటర్నెట్‌కీ ఇబ్బంది రాలేదు.

పీసీ, నాస్ మాట్లాడుకున్నప్పుడు ఇద్దరూ 8960 అన్నారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యలో ఉన్న స్విచ్‌ని మాత్రం ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ మాటల్లో స్విచ్‌కి పాత్రే లేదు. ఈ ఎపిసోడ్ మొత్తానికి ఇదొక్కటి గుర్తుంటే చాలు: ఒక చివర 9000, ఇంకో చివర 1500 ఉంటే మామూలు ఫైల్ కాపీ చాలావరకు సర్దుకుపోతుంది. రెండు చివర్లా 9000 ఉండి మధ్యలో 1500 ఉంటే మునిగిపోతుంది.

ఇది అనుమానం మాత్రమే. దీన్ని ఒక్క పింగ్‌తో రుజువు చేయొచ్చు. మామూలు పింగ్ కాదు. మామూలు పింగ్ చాలా చిన్న ప్యాకెట్, అది ఎప్పుడూ వెళ్తుంది, అదే మనల్ని మోసం చేస్తుంది. పెద్ద ప్యాకెట్ పంపాలి, దాన్ని ముక్కలు చేయొద్దని కూడా చెప్పాలి. విండోస్‌లో ఇలా, చివర్లో మీ నాస్ అడ్రస్ పెట్టండి:

```
ping -f -l 1472 192.168.1.50
ping -f -l 8972 192.168.1.50
```

లైనక్స్‌లో అయితే ఇలా:

```
ping -M do -s 8972 192.168.1.50
```

8972 ఎక్కడి నుంచి వచ్చింది? 9000లోంచి పింగ్ చీటీలు 28 బైట్లు తీసేస్తే 8972. అలాగే 1500లోంచి తీస్తే 1472. చాలామంది ఇక్కడ నేరుగా 9000 అని టైప్ చేసి, ఫెయిల్ అయిందని కంగారు పడతారు. అది ఫెయిల్ అవ్వాల్సిందే.

రిజల్ట్ మూడు రకాలుగా రావచ్చు. మామూలుగా `Reply from` వస్తే ఆ సైజు అటూ ఇటూ దాటుతున్నట్టే. `Packet needs to be fragmented but DF set` అని వస్తే, ఇంట్లో ఒకే నెట్‌వర్క్ మీద ఉన్నప్పుడు దాని అర్థం మీ పీసీ కార్డే ఇంకా చిన్న సైజులో ఉందని. ప్యాకెట్ గడప కూడా దాటలేదు. లైనక్స్‌లో అదే `message too long, mtu=1500` అని కనిపిస్తుంది. `Request timed out` అని వస్తే మీ పీసీ పంపింది, కానీ దారిలోనో అవతలి చివరో ఎవరో మింగేశారు.

తమ్ముడు టైప్ చేశాడు. 1472కి వెంటనే జవాబు. 8972కి నాలుగుకి నాలుగూ `Request timed out`. తర్వాత పీసీ కేబుల్‌ని పాత స్విచ్‌లోంచి పీకి, హాల్లోంచి వచ్చే కేబుల్‌తో జాయింటర్ పెట్టి కలపమన్నాను. ఇప్పుడు 8972కి కూడా జవాబు వచ్చింది. దొంగ దొరికాడు.

ఇక్కడ రెండు దార్లున్నాయి. ఆ స్విచ్ మార్చడం, లేదా జంబో ఫ్రేమ్స్ తీసేయడం. రాత్రి పదకొండింటికి స్విచ్ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి రెండోది చేశాం. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ కార్డ్ మీద రెండు సార్లు నొక్కి, `Advanced` ట్యాబ్‌లో `Jumbo Packet` దగ్గర `Disabled` పెట్టమన్నాను. ఒక్క పీసీలో తగ్గిస్తే చాలు, తక్కువ చెప్పినవాడి మాటే చెల్లుతుంది కదా. ఆ సెట్టింగ్ మార్చగానే నెట్‌వర్క్ ఒక్క క్షణం తెగి మళ్లీ వస్తుంది, కాబట్టి కాపీ నడుస్తుండగా చేయకండి.

మళ్లీ కాపీ పెట్టాడు. "అన్నా, 112 చూపిస్తోంది" అన్నాడు. మనం అనుకున్న 118 అదే. విండోస్ 1024తో లెక్కపెడుతుంది కాబట్టి 112 అని చూపిస్తుంది. ఇరవై నిమిషాల్లోపు మొత్తం వెళ్లిపోయింది. ఒక్క జాగ్రత్త చెప్పాను. ఇలాంటి టైంలో కట్ చేసి పేస్ట్ చేయొద్దు, కాపీ చెయ్, నాస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో చూసుకో, అప్పుడే పీసీలోంచి డిలీట్ చెయ్. పన్నెండున్నరకి కార్డులు ఖాళీ అయ్యాయని మెసేజ్ పెట్టి పడుకున్నాడు.

తర్వాతి ఆదివారం నేను వెళ్లి నాస్‌లో కూడా 1500కి మార్చేశాను. ఒక చివర 9000 ఉంచేస్తే, రేపు ఇంకో పీసీలో ఎవరో జంబో ఆన్ చేసిన రోజు ఇదే కథ మళ్లీ మొదలవుతుంది. పైగా ఇందాక చెప్పిన సర్దుబాటు ఫైల్ కాపీ వాడే టీసీపీ కనెక్షన్లకే ఉంటుంది. ముందుగా సైజు చెప్పుకోకుండా పెద్ద ప్యాకెట్ పంపేసే పద్ధతులకి ఆ రక్షణ లేదు.

అయితే జంబో ఫ్రేమ్స్ ఎవరికీ పనికిరావా? అలా అనను. లైన్ స్పీడ్ పెరిగే కొద్దీ లారీల సంఖ్య పెరుగుతుంది. 1 గిగాబిట్‌లో 1500 సైజుతో సెకనుకి సుమారు 81,000 ఫ్రేములు. 10 గిగాబిట్‌కి వెళ్తే 8 లక్షల పైచిలుకు. 9000 పెడితే అది సుమారు 1,38,000కి దిగుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కీ ప్రాసెసర్‌కి కొంత పని ఉంటుంది కాబట్టి, నాస్‌లో చిన్న ప్రాసెసర్ ఉండి, 10 గిగాబిట్ కార్డు ఉండి, లోపల వేగమైన ఎస్ఎస్‌డీలు ఉండి, మీరు పంపేవి పెద్ద పెద్ద వీడియో ఫైళ్లైతే తేడా కనిపించొచ్చు. ఇప్పటి కార్డులు ముక్కలు చేసే పనిని చాలావరకు తామే చూసుకుంటాయి కాబట్టి మంచి ప్రాసెసర్ ఉంటే అక్కడ కూడా తేడా చిన్నదే.

మిగతా చోట్ల మీ ఇబ్బంది వేరే దగ్గర ఉంటుంది. 2.5 గిగాబిట్ లైన్ 1500 సైజుతోనే సెకనుకి 290 ఎంబీ దాటి మోస్తుంది. ఒక్క మామూలు హార్డ్ డిస్క్ అంత వేగంగా రాయలేదు. లారీ పెద్దదైతే ఏం లాభం, గోడౌన్ దగ్గర దించేవాళ్లు ఇద్దరే ఉంటే? వేల కొద్దీ చిన్న ఫొటోలు కాపీ చేస్తుంటే ఒక్కో ఫైల్ తెరిచి మూసే టైమే ఎక్కువ, అక్కడా జంబో సాయం చేయదు. ఇక మీరు నాస్‌ని ఫోన్‌తోనే వాడుతుంటే, వైఫైలో దీని ఊసే వద్దు.

కాబట్టి మార్చే ముందు కొలవండి. నాస్‌లో, పీసీలో `iperf3` అనే చిన్న ఫ్రీ టూల్ వేసుకోండి. ఇది డిస్క్‌ని ముట్టుకోకుండా లైన్‌ని మాత్రమే కొలుస్తుంది. మొదటి లైన్ నాస్‌లో, మిగతా రెండూ పీసీలో:

```
iperf3 -s
iperf3 -c 192.168.1.50
iperf3 -c 192.168.1.50 -R
```

చివరి `-R` నాస్ నుంచి పీసీకి వచ్చే దిశని కొలుస్తుంది. 1 గిగాబిట్‌లో 940 మెగాబిట్ల దగ్గర వస్తే మీ లైన్ 1500తోనే ఇవ్వగలిగినంతా ఇస్తోంది. జంబో పెట్టినా అది 990 అవుతుంది, అంతకు మించి రాదు. ఇక్కడ 940 వచ్చి ఫైల్ కాపీ మాత్రం 60 ఎంబీ దగ్గరే ఉంటే చూడాల్సింది డిస్క్‌ని, నెట్‌వర్క్‌ని కాదు.

అన్నీ చూసుకుని మీకు నిజంగా జంబో కావాలనిపిస్తే నేను చెప్పే పద్ధతి ఇదీ. ఇంటి నెట్‌వర్క్ మొత్తాన్నీ మార్చకండి. పీసీలో, నాస్‌లో ఒక్కో అదనపు కార్డు పెట్టి, రెండింటినీ ఒకే కేబుల్‌తో నేరుగా కలపండి. ఆ కార్డులకి `10.10.10.1`, `10.10.10.2` లాంటి వేరే అడ్రసులు ఇవ్వండి, గేట్‌వే ఖాళీగా వదిలేయండి. ఆ రెండు కార్డుల్లోనే 9000 పెట్టండి. నాస్ ఫోల్డర్‌ని ఆ కొత్త అడ్రస్‌తోనే తెరవండి, లేదంటే డేటా పాత దారిలోనే వెళ్తుంది. మధ్యలో స్విచ్ లేదు కాబట్టి మింగేవాడే లేడు. ఫోన్లు, టీవీ, ప్రింటర్ పాత నెట్‌వర్క్‌లో 1500 మీదే హాయిగా ఉంటాయి.

స్విచ్ మీదుగానే పెట్టాలంటే ముందు స్విచ్‌లో ఆన్ చేయండి, తర్వాత నాస్, చివర్లో పీసీ. తీసేసేటప్పుడు దీనికి రివర్స్, ముందు పీసీ. స్విచ్‌లో 9216 లాంటి పెద్ద అంకె కనిపిస్తే భయపడకండి, అది అండర్ బ్రిడ్జి ఎత్తు మాత్రమే, ఎక్కువున్నా నష్టం లేదు. విండోస్‌లో `9014 Bytes` అని, లైనక్స్‌లో 9000 అని కనిపిస్తే అది కూడా తేడా కాదు. విండోస్ డ్రైవర్ 14 బైట్ల అడ్రస్ చీటీని కలిపి చూపిస్తోంది, అంతే. ఏదైనా మార్చిన ప్రతిసారీ 8972 పింగ్ రెండు వైపుల నుంచీ చేయండి.

నాస్ పెట్టె మీద ఒక స్టిక్కర్ కూడా అతికించండి. తమ్ముడి నాస్ మీద ఇప్పుడు స్కెచ్ పెన్‌తో "ఎంటీయూ 1500, మార్చొద్దు" అని ఉంది. ఆ రోజు నేను జంబో పెట్టి ఇలాంటి స్టిక్కర్ అతికించి ఉంటే, పాత స్విచ్ అటక దించేటప్పుడు వాడు ఒక ఫోన్ చేసి అడిగేవాడు.

మీ ఇంట్లో నాస్ ఉంటే ఇవాళ ఆ పెద్ద పింగ్ ఒకసారి కొట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.